సబేరా, కొనొసేరా: స్పానిష్‌లో ‘తెలుసు’ అనడానికి ముందు చూసుకోవాల్సినవి

తెలుగులో ‘తెలుసు’ అనే ఒక్క మాటతో చాలా దూరం వెళ్లిపోవచ్చు. మరియా తెలుసు, మరియా ఎక్కడుంటుందో తెలుసు, మాడ్రిడ్ తెలుసు, మాడ్రిడ్‌లో మెట్రో ఎన్ని గంటలకు ఆగుతుందో తెలుసు. ఇంగ్లీషు కూడా వీటన్నిటికీ ఒకే క్రియ వాడుతుంది కాబట్టి, ఇంగ్లీషు పుస్తకాల నుంచి స్పానిష్ నేర్చుకునే తెలుగువాళ్లకు ఈ తేడా రెండుసార్లు కనబడకుండా పోతుంది. స్పానిష్‌లో మాత్రం పై నాలుగు వాక్యాల్లో రెండిటికి ‘కొనొసేర్’, రెండిటికి ‘సబేర్’ కావాలి. ఒకదాని చోట ఇంకొకటి పెడితే వినేవాళ్లు అర్థం చేసుకుంటారు గానీ, వాక్యం తప్పని అక్కడికక్కడే తెలిసిపోతుంది.

ఇక్కడ స్పానిష్ మాటలను లాటిన్ అమెరికాలో పలికే తీరులో తెలుగు లిపిలో రాశాం. స్పెయిన్‌లో ఎక్కువ ప్రాంతాల్లో ‘కొనొసేర్’ను ‘కొనొథేర్’ లాగా, నాలుక చివర పళ్ల మధ్య పెట్టి పలుకుతారు. అర్థంలో ఏ తేడా లేదు.

ముందుగా చాలా పాఠాల్లో కనబడే సూత్రం గురించి. ‘మనుషులకు, ఊళ్లకు కొనొసేర్, విషయాలకు, విద్యలకు సబేర్’ అని చెబుతారు. ఇది తప్పు కాదు, కానీ అర్ధంతరంగా ఆగిపోతుంది. ‘మరియా ఎక్కడుంటుందో తెలుసు’ అన్న వాక్యంలో మనిషీ ఉంది, చోటూ ఉంది, అయినా క్రియ సబేర్. ‘ఆ సమస్య నాకు తెలుసు’ అన్నప్పుడు సమస్య ఒక విషయమే, అయినా అక్కడ కొనొసేర్ కావాలి. అందుకని వాక్యం దేని గురించి అన్నది చూడటం కన్నా, క్రియ వెనక ఏం వస్తోందో చూడటం మేలు. మా లెక్కలో ఎంపిక అక్కడ మొదలవ్వాలి.

క్రియ వెనక ఏముంది?

స్పానిష్‌లో క్రియ ముందు వస్తుంది, తెలిసిన సంగతి దాని తర్వాత వస్తుంది. ఆ తర్వాత వచ్చేది మరో చిన్న వాక్యమైతే సబేర్ తప్ప వేరే దారి లేదు. తెలుగులో దీన్ని గుర్తుపట్టడం చాలా తేలిక. ‘తెలుసు’కు ముందు ‘అని’ గానీ, ‘-ఓ’తో ముగిసే మాట గానీ ఉంటే అది సబేర్. ‘ఆమె ఇక్కడ ఉంటుందని తెలుసు’ అంటే ‘సే కె బీబె అకీ’. ‘ఆమె ఎక్కడుందో తెలుసు’ అంటే ‘సే దోందె ఎస్తా’. ‘వస్తాడో రాడో తెలియదు’ అంటే ‘నో సే సి బియేనె’. ఎవరో, ఎప్పుడో, ఎందుకో, ఎంతో, ఎలాగో, ఏవేవో అన్నీ ఇదే దారిలో వెళతాయి. మన భాషలోని ఆ ‘-ఓ’ ఇంత నమ్మకమైన గుర్తు కాబట్టి, తెలుగు వచ్చినవాళ్లు స్పానిష్ వ్యాకరణ పదాలేవీ కంఠస్థం చెయ్యకుండానే ఈ భాగాన్ని దాటేయవచ్చు.

క్రియ వెనక ఇంకో క్రియ మూలరూపం, అంటే ‘ఈదడం’, ‘వండడం’ లాంటిది వస్తే కూడా సబేరే. దాని సంగతి కాసేపట్లో చూద్దాం.

ఇక మిగిలింది ఒకే పరిస్థితి: వెనక కేవలం ఒక నామవాచకం ఉన్నప్పుడు. అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. ‘సే సు నోంబ్రె’ అంటే అతని పేరు తెలుసు. ‘కొనోస్కొ సు కాస’ అంటే అతని ఇల్లు తెలుసు. రెండూ నామవాచకాలే, రెండూ అతనివే, క్రియలు మాత్రం వేరు. ఎందుకంటే పేరు అనేది లోపల ఒక ప్రశ్నను దాచుకున్న మాట. ‘అతని పేరు తెలుసు’ అన్న వాక్యాన్ని ‘అతని పేరేమిటో తెలుసు’ అని విప్పితే అర్థం రవ్వంత కూడా మారదు. గంట, ఫోన్ నంబర్, ధర, జవాబు, వయసు అన్నీ ఇలా విప్పవచ్చు. గంట ఎంతయ్యిందో, నంబర్ ఏమిటో, ధర ఎంతో. ఇల్లు అలా విప్పబడదు. ‘అతని ఇల్లు ఏమిటో తెలుసు’ అంటే వాక్యమే కాదు; ‘ఎక్కడో తెలుసు’ అంటే అది వేరే వాక్యం. ఇల్లు తెలుసు అంటే ఆ ఇంటికి వెళ్లాం, చూశాం, మనకు పరిచయం అని.

కాబట్టి నామవాచకం కనబడగానే దాన్ని ‘ఏమిటో’, ‘ఎంతో’ పెట్టి విప్పి చూడండి. అర్థం చెడకుండా విప్పగలిగితే సబేర్. విప్పలేకపోయి, ‘పరిచయం’, ‘చూశాను’, ‘కలిశాను’, ‘ఎరుగుదును’ లాంటి మాట పెడితే సరిపోతే కొనొసేర్. ‘ఎరుగు’ అనే పాత క్రియ కొనొసేర్‌కు చాలా దగ్గర. ‘నేనతన్ని ఎరుగుదును’ అన్నప్పుడు మనకు గుర్తొచ్చేది అతని గురించిన సమాచారం కాదు, అతనే.

మనుషులు

మనిషి నేరుగా కర్మగా ఉంటే కొనొసేర్, దాని వెనక ‘ఆ’ అనే చిన్న మాట. ‘కొనోస్కొ ఆ మరీయా’. ఈ ‘ఆ’ను మనవాళ్లు చాలా తరచుగా వదిలేస్తారు. మన ‘ని/ను’ లాంటి పని చేస్తుంది గానీ, తెలుగులో ‘నాకు మరియా తెలుసు’ అన్నప్పుడు ఆ ప్రత్యయం లేకపోవడంతో నోటికి రాదు. మనిషి పేరు కాకుండా ‘టీచర్’ లాంటి మాట, దాని ముందు ‘ఎల్’ వస్తే రెండూ కలిసి ‘ఆల్’ అవుతాయి: ‘కొనోస్కొ ఆల్ ప్రొఫెసోర్’. ‘ఎవరూ తెలియదు’ అనడానికి కూడా ‘ఆ’ ఉండాలి: ‘నో కొనోస్కొ ఆ నాదియె అకీ’, అంటే ఇక్కడ నాకెవరూ తెలియదు. కొత్త ఊళ్లో దిగిన మొదటి వారంలోనే ఈ వాక్యం అవసరం పడుతుంది కాబట్టి దీన్ని ఉన్నదున్నట్టు నోటికి పట్టించుకోవడం మంచిది.

‘నాకు’ అనే మన నిర్మాణం ఇంకో తప్పు కూడా తెస్తుంది, అది కాస్త తమాషాగా ఉంటుంది. తెలుగులో ఎవరికి తెలుసో ఆ మనిషి ‘నాకు’ రూపంలో ఉంటాడు. స్పానిష్‌లో ‘నేను’ రూపంలో, కర్తగా ఉంటాడు. ‘నాకు తెలుసు’ అని మనసులో అనుకుని, ‘నాకు’కు స్పానిష్ మాటైన ‘మె’ పెట్టి ‘మె సాబె’ అంటే, అది ‘నాకు రుచిస్తోంది’ అన్న దారిలోకి వెళ్లిపోతుంది. లాటిన్‌లో సబేర్‌కు మూలమైన క్రియకు రుచి చూడటం అనే అర్థమూ ఉండేది, స్పానిష్‌లో అది ఇప్పటికీ బతికే ఉంది. ‘లా సోప సాబె ఆ ఆహొ’ అంటే సూప్‌లో వెల్లుల్లి రుచి తగులుతోంది. ‘నో సాబె ఆ నాద’ అంటే ఏ రుచీ లేదు, చప్పగా ఉంది. హోటల్లో ఈ వాక్యం వినబడితే ఎవరికో ఏదో తెలియదని అనుకోకండి. మీరు చెప్పేటప్పుడు క్రియను ‘నేను’ రూపంలో ఉంచండి: ‘సే’, ‘కొనోస్కొ’. ఈ రెండు రూపాలూ నియమం తప్పినవే కాబట్టి విడిగా గుర్తుపెట్టుకోవాలి. రాసేటప్పుడు ‘సే’ మీద వాలుగీత తప్పనిసరి. గీత లేకపోతే అది పూర్తిగా వేరే మాట.

ప్రసిద్ధుల విషయంలో కొంచెం ఆగాలి. ‘నాకు మారడోనా తెలుసు’ అని తెలుగులో అన్నప్పుడు, పేరు విన్నామని అర్థమా, కలిశామని అర్థమా అన్నది సందర్భం చెబుతుంది. స్పానిష్‌లో ఈ రెండిటికీ రెండు దారులు ఉన్నాయి. ‘సే కియేన్ ఎస్ మరదోనా’ అంటే అతనెవరో తెలుసు. ‘కొనోస్కొ ఆ మరదోనా’ అంటే ముఖపరిచయం ఉందని అనిపించవచ్చు. అలాగని కొనొసేర్ ఎప్పుడూ ముఖపరిచయాన్నే చెబుతుందని కూడా కాదు. ఒక గాయని గురించి ‘కొనోసెస్ ఆ…’ అని ఎవరైనా అడిగితే, సాధారణంగా ‘ఆమె పాటలు విన్నావా?’ అనే. నేరుగా కలిసిన సంగతి గట్టిగా చెప్పాలంటే ‘ఎన్ పెర్సోన’ చేరుస్తారు. మీకు అనుమానం ఉంటే ‘సే కియేన్ ఎస్’ అనేయండి, దానిలో పొరపాటుకు చోటు లేదు.

సబేర్ కూడా మనిషి పక్కన నిలబడగలదు, మధ్యలో ‘దె’ ఉంటే. అప్పుడది మనిషిని కాదు, మనిషి గురించిన సమాచారాన్ని చెబుతుంది. ‘నో సే నాద దె ఆనా’ అంటే ఆనా కబురే లేదు, ఎక్కడుందో ఎలా ఉందో తెలియదు. ‘సే దె ఉన్ మేదికొ కె ఆబ్లా ఇంగ్లేస్’ అంటే ఇంగ్లీషు మాట్లాడే డాక్టర్ ఒకాయన ఉన్నట్టు తెలుసు, నాకు పరిచయం ఉండాలని లేదు. అదే ‘కొనోస్కొ ఆ ఉన్ మేదికొ’ అంటే ఆ డాక్టర్ నాకు తెలిసినవాడే. ఎవరైనా మీ మాట మీద డాక్టర్ దగ్గరికి వెళ్లబోతుంటే ఈ తేడా చిన్నది కాదు.

ఊళ్లు, చోట్లు

ఊరి పేరు నేరుగా వస్తే కొనొసేర్, ‘ఆ’ లేకుండా. ‘కొనోస్కొ తొలేదొ’. ఇక్కడ తెలుసుకోవాల్సింది ఈ వాక్యం బరువు. ‘కొనోసెస్ గ్రనాద?’ అని అడిగితే గ్రనాద పేరు విన్నారా అని కాదు, అక్కడికి ఎప్పుడైనా వెళ్లారా అని. మ్యాపులో ఎక్కడుందో, అలాంబ్రా కోట ఏ కాలంలో కట్టారో మీకు బాగా తెలిసినా, కాలు పెట్టకపోతే ‘నో, నో లా కొనోస్కొ’ అనే జవాబివ్వాలి. అవునని చెప్పేస్తే ‘ఏ పేటలో దిగారు? ఏం తిన్నారు?’ అని మాట అటు సాగుతుంది, ఇబ్బంది పడతారు. ఇదే కారణం వల్ల ‘కియేరొ కొనొసేర్ కూస్కొ’ అంటే ‘కుస్కో గురించి తెలుసుకోవాలని ఉంది’ కాదు, ‘కుస్కో వెళ్లి చూడాలని ఉంది’. పెరూలో ట్రావెల్ ఏజెంటు దగ్గర ఈ వాక్యం అంటే చరిత్ర పుస్తకం ఇవ్వడు, టికెట్ ధర చెబుతాడు.

చోటు గురించిన సమాచారం అయితే మళ్లీ ‘-ఓ’ గుర్తు పనిచేస్తుంది: ‘సే దోందె ఎస్తా తొలేదొ’, తొలేదొ ఎక్కడుందో తెలుసు. దారి అడగడానికి మాత్రం ఒక చక్కని పొట్టి వాక్యం ఉంది: ‘సాబెస్ యెగార్ ఆ అతోచ?’ మాడ్రిడ్‌లోని అతోచ స్టేషన్‌కు ఎలా వెళ్లాలో తెలుసా అని. ‘యెగార్’ అంటే చేరుకోవడం. చేరుకోవడం తెలుసా అంటే దారి తెలుసా అనే.

విద్యలు

ఇక్కడ తెలుగువాళ్లకు ఇంగ్లీషు కన్నా తెలుగే బాగా సాయపడుతుంది. మనం ‘నాకు ఈత వచ్చు’ అంటాం, ‘నేను ఈదగలను’ అంటే కొంచెం వేరు అర్థం. స్పానిష్ కూడా సరిగ్గా ఇదే చోట గీత గీస్తుంది. ‘వచ్చు’కు సబేర్, ‘గలను’కు ‘పొదేర్’ అనే క్రియ. ‘సే నదార్’ అంటే ఈత వచ్చు. ‘సే నదార్, పేరొ ఒయ్ నో ప్వేదొ’ అంటే ఈత వచ్చు గానీ ఇవాళ ఈదలేను. చెయ్యి నొప్పి కావచ్చు, కొలను మూసి ఉండవచ్చు. ఇంగ్లీషులో రెండిటికీ ఒకే సహాయక క్రియ సరిపోతుంది కాబట్టి, ఇంగ్లీషు మీదుగా వెళ్లేవాళ్లు ‘ప్వేదొ నదార్’ అని మొదలుపెట్టి, ఈత వచ్చని చెప్పబోయి ఇవాళ ఈదడానికి వీలుందని చెబుతారు. తెలుగు నుంచి నేరుగా వెళితే ఈ తప్పు జరగదు.

సబేర్ తర్వాత క్రియ మూలరూపం నేరుగా రావాలి. మధ్యలో ‘కోమొ’, అంటే ‘ఎలా’ అనే మాట పెట్టనక్కర్లేదు. ‘డ్రైవింగ్ వచ్చు’ అంటే స్పెయిన్‌లో ‘సే కొందుసీర్’, మెక్సికో, పెరూ లాంటి చోట్ల ‘సే మనెహార్’. ‘గిటార్ వాయించడం వచ్చు’ అంటే ‘సే తొకార్ లా గితార్రా’. ‘కోమొ’ పెట్టిన వాక్యం స్పానిష్‌లో లేకపోలేదు, కానీ దాని అర్థం వేరు. ‘నో సే కోమొ అబ్రీర్ ఎస్తా ప్వెర్తా’ అంటే ఈ తలుపు ఎలా తియ్యాలో తెలియట్లేదు. తలుపులు తియ్యడం అనే విద్య రాదని కాదు, ఈ ఒక్క తలుపు పద్ధతి తెలియదని. మన భాషలో ‘వచ్చు’, ‘ఎలాగో తెలుసు’ మధ్య ఉన్న తేడాయే ఇది.

విద్యకు కొనొసేర్ పెట్టడం మాత్రం పూర్తిగా తప్పు. ‘కొనోస్కొ నదార్’ అనే వాక్యం స్పానిష్‌లో లేదు. కొనొసేర్ వెనక క్రియ మూలరూపం నిలబడదు.

భాషల విషయం ఒకటి చెప్పాలి. ‘నాకు స్పానిష్ వచ్చు’ అనడానికి ‘సే ఎస్పన్యోల్’ అనవచ్చు, ‘ఆబ్లొ ఎస్పన్యోల్’ అంటే స్పానిష్ మాట్లాడతాను అనడం ఇంకా మామూలు. ‘కొనోస్కొ ఎల్ ఎస్పన్యోల్’ అంటే ఆ భాషతో పరిచయం ఉంది, దాని తీరు ఎరుగుదును అనే ధ్వని. మాట్లాడటం వచ్చన్న హామీ దాంట్లో లేదు. ఉద్యోగ దరఖాస్తులో ఇదే కొనొసేర్ నుంచి వచ్చిన ‘కొనొసిమియేంతొస్’ అనే మాట కనబడుతుంది. ‘కొనొసిమియేంతొస్ దె ఎక్సెల్’ అంటే ఎక్సెల్ పరిజ్ఞానం. కాగితం మీద అది సరైన మాటే. ఇంటర్వ్యూలో నోటితో చెప్పేటప్పుడు ‘సే ఉసార్ ఎక్సెల్’, ఎక్సెల్ వాడటం వచ్చు అనాలి. ‘కొనోస్కొ ఎక్సెల్’ అంటే చూశాను, కొంత పరిచయం ఉంది అన్నంత మెత్తగా వినబడుతుంది.

కంఠస్థం వచ్చిన వాటికి స్పానిష్‌లో సబేర్‌కే ఒక ప్రత్యేక రూపం ఉంది. క్రియ ముందు ‘మె’, ‘తె’ లాంటి మాట చేర్చి ‘మె సే లా తాబ్లా దెల్ సియేతె’ అంటే ఏడో ఎక్కం నాకు నోటికొచ్చు. పాఠం, పద్యం, పాట, ప్రార్థన, నాటకంలో పాత్ర మాటలు అన్నీ ఇలాగే. ఇందాక ‘మె సాబె’ వద్దన్నాం కదా, ఇక్కడ ‘మె’ ఎందుకొచ్చిందని అనుమానం రావచ్చు. ఇక్కడ క్రియ ‘సే’, అంటే నేను రూపంలో ఉంది. తెలిసింది నాకే, ‘మె’ ఆ సంగతి మొత్తం నా గుప్పిట్లో ఉందని మాత్రమే చెబుతోంది. పాట విషయంలో రెండు క్రియల తేడా ఇక్కడ స్పష్టంగా కనబడుతుంది: ‘కొనోస్కొ ఎసా కన్సియోన్’ అంటే ఆ పాట విన్నాను, ‘మె సే ఎసా కన్సియోన్’ అంటే ఆ పాట మొత్తం పాడి వినిపించగలను.

రెండూ నడిచే చోట

నిజం, కారణం, ఫలితం, అడ్రస్, చరిత్ర లాంటి మాటల దగ్గర రెండు క్రియలూ వినబడతాయి. ‘సే లా బెర్దాద్’, ‘కొనోస్కొ లా బెర్దాద్’ రెండూ సరైనవే. ఎందుకంటే నిజాన్ని ‘నిజమేమిటో తెలుసు’ అని విప్పవచ్చు, అదే సమయంలో దాన్ని మనం ఎదుర్కొన్న ఒక వస్తువుగానూ చూడవచ్చు. వీటిలో తేడా అర్థంలో కన్నా మాట తీరులో ఉంటుంది. ఇంట్లో, వీధిలో సబేర్ ఎక్కువ. వార్తల్లో, ఆఫీసు కాగితాల్లో కొనొసేర్ వైపు మొగ్గు. మొదట్లో వీటికి సబేర్ వాడండి, పొరపాటు జరగదు.

అయితే ‘సమస్య’, ‘కేసు’, ‘పద్ధతి’, ‘వ్యవస్థ’ లాంటి మాటలు ఈ గుంపులోకి రావు. ‘సే ఎల్ ప్రొబ్లేమ’ అనరు, ‘కొనోస్కొ ఎల్ ప్రొబ్లేమ’ అంటారు. సమస్య అనేది ఒక్క వాక్యంలో చెప్పే జవాబు కాదు; అందులో దిగి, చూసి, అలవాటు పడే సంగతి. ‘సమస్య ఏమిటో తెలుసు’ అని నిజంగా చెప్పాలనుకుంటే ఆ ‘ఏమిటో’ను దాచకుండా బయటికి చెప్పాలి: ‘సే క్వాల్ ఎస్ ఎల్ ప్రొబ్లేమ’.

ఏదైనా ఒక రంగం బాగా తెలుసు అనడానికి సబేర్‌కు ‘దె’ చేర్చే పద్ధతి ఇక్కడా ఉంది. ‘సాబె మూచొ దె సీనె’ అంటే సినిమాల గురించి అతనికి చాలా తెలుసు.

జవాబు చెప్పేటప్పుడు

తెలుగులో ‘తెలుసు’ అని ఒక్క మాట చాలు. స్పానిష్‌లో ‘సే’ అని ఒక్కటే అంటే వాక్యం అంగవైకల్యంతో మిగిలిపోతుంది. ఎదుటివాళ్లు చెప్పిన సంగతికి ‘తెలుసు’ అనాలంటే ‘లో సే’, ‘ముందే తెలుసు’ అనాలంటే ‘యా లో సే’. లాటిన్ అమెరికాలో చాలాచోట్ల ‘యా సే’ అని కూడా అంటారు. ‘తెలియదు’ అనడానికి మాత్రం ‘నో సే’ చాలు. ఒక మనిషి గురించి అడిగితే ‘లో కొనోస్కొ’ లేదా ఆడమనిషైతే ‘లా కొనోస్కొ’. ‘ఆనా పెళ్లి చేసుకుందట’ అన్న మాటకు ‘లా కొనోస్కొ’ అంటే ఆమె నాకు పరిచయమే అని, ‘లో సే’ అంటే ఆ వార్త తెలుసని. రెండూ సరైన వాక్యాలే, కానీ రెండో జవాబు ఇవ్వబోయి మొదటిది ఇస్తే మాట పక్కదారి పడుతుంది.

గడిచిన కాలం

స్పానిష్‌లో భూతకాలానికి రెండు రూపాలు: ఒకటి జరిగి ముగిసిన సంఘటనకు, రెండోది అప్పటికి సాగుతున్న స్థితికి. మామూలు క్రియల్లో ఇది వివరం మార్పు మాత్రమే. ఈ రెండు క్రియల దగ్గర మాత్రం తెలుగులోకి తెచ్చేసరికి వేరే క్రియే కావాల్సి వస్తుంది.

‘సబీయ’ అంటే అప్పటికే తెలుసు. ‘సూపె’ అంటే తెలిసింది, అంటే అప్పుడే తెలియవచ్చింది. ‘కొనొసీయ ఆ ఆనా’ అంటే ఆనా అప్పటికే పరిచయం. ‘కొనొసీ ఆ ఆనా’ అంటే ఆనా నాకు పరిచయమైంది, మొదటిసారి కలిశాను. తెలుగులో ‘తెలుసు’కూ ‘తెలిసింది’కీ మధ్య మనం రోజూ చేసే తేడాయే ఇక్కడ సరిపోతుంది కాబట్టి, స్పానిష్ వాక్యం కట్టే ముందు తెలుగులో ‘తెలిసింది’ అంటారా, ‘అప్పటికే తెలుసు’ అంటారా అని ప్రశ్నించుకోండి. మొదటిదైతే ‘సూపె’, రెండోదైతే ‘సబీయ’. ‘నొస్ కొనొసీమొస్ ఎన్ 2019’ అంటే మేం 2019లో పరిచయమయ్యాం. ఇందులో కొనొసేర్ తప్ప ఇంకేదీ కుదరదు. మొదటిసారి కలిసినప్పుడు చెప్పే ‘ఎంకంతాదొ దె కొనొసేర్తె’ కూడా ఇదే అర్థం నుంచి వచ్చింది. చెప్పేది ఆడవాళ్లైతే ‘ఎంకంతాద’ అంటారు.

ఇక్కడ రెండు హెచ్చరికలు. మొదటిది, ‘సూపె’ ఎప్పుడూ ‘తెలిసింది’ కాదు. ‘సియేంప్రె లో సూపె’ అంటే ‘నాకెప్పుడూ తెలుసు’. ‘నో సూపె కె దెసీర్’ అంటే ఆ క్షణంలో ఏమనాలో తోచలేదు. మొదటిదాంట్లో ‘ఎప్పుడూ’ అన్న మాట ఆ కాలాన్నంతా ఒక మూటగా కట్టేసింది, రెండోదాంట్లో ఒక్క క్షణం ముగిసిపోయింది. అందుకే ఆ రూపం. రెండోది, ‘నాకు ఫలానా సంగతి తెలిసింది’ అనడానికి మాటల్లో ‘సూపె’ కన్నా ‘మె ఎంతెరే దె కె…’ అనడమే ఎక్కువ. పుస్తకంలో ‘సూపె’ చదివి వచ్చినవాళ్లు మాటల్లో అది తక్కువ వినబడుతోందని కంగారు పడక్కర్లేదు.

ఒక పేరా పూర్తిగా

మాడ్రిడ్‌లో కొత్తగా ఉద్యోగంలో చేరిన ఒకతను స్నేహితుడికి ఇలా రాయాలనుకున్నాడని అనుకోండి: ‘నాకు పాబ్లొ తెలుసు. ఎక్కడుంటాడో తెలుసు గానీ ఆ పేట నాకు తెలియదు. అతనికి వంట బాగా వచ్చు. అతని నంబర్ తెలుసు. అతను ఉద్యోగం మానేశాడని నిన్నే తెలిసింది. వాళ్లావిడ నాకు బార్సెలోనాలో పరిచయమైంది.’

మొదటి వాక్యంలో మనిషి నేరుగా ఉన్నాడు, కాబట్టి ‘కొనోస్కొ ఆ పాబ్లొ’, ‘ఆ’ మరవకుండా. రెండో వాక్యంలో ‘ఎక్కడుంటాడో’లోని ‘-ఓ’ కనబడింది, కాబట్టి ‘సే దోందె బీబె’. వెంటనే వచ్చే పేట అనేది చోటు, ‘ఏమిటో’ అని విప్పలేం, ఎప్పుడూ వెళ్లలేదని అర్థం. కాబట్టి ‘పేరొ నో కొనోస్కొ ఎల్ బార్రియొ’. ఇక్కడ ‘ఆ’ రాదు, పేట మనిషి కాదు. మూడో వాక్యంలో ‘వచ్చు’ ఉంది, వెనక క్రియ నేరుగా: ‘సాబె కొసినార్ మూయ్ బియేన్’. నాలుగోది విప్పబడే నామవాచకం, నంబర్ ఏమిటో తెలుసు: ‘సే సు నూమెరొ’. అయిదోది ‘అని’తో ఉంది, అదీకాక ‘తెలిసింది’ అన్నాడు: ‘అయేర్ సూపె కె అబీయ దెహాదొ ఎల్ త్రబాహొ’, లేదా మాటల్లో ‘అయేర్ మె ఎంతెరే దె కె…’. ఆఖరిది పరిచయమైన సంఘటన: ‘కొనొసీ ఆ సు ముహేర్ ఎన్ బర్సెలోన’. ఇక్కడ ‘కొనొసీయ’ రాస్తే అప్పటికే పరిచయం ఉన్నట్టు అర్థమై, చదివినవాళ్లు ‘అయితే ఎప్పటినుంచి?’ అని అడుగుతారు.

తప్పులు ఎక్కువగా వచ్చేది రెండో వాక్యంలో. ఒకే వాక్యంలో, ఒకే మనిషి నివాసం గురించి, రెండు క్రియలు పక్కపక్కన రావాలి. మొదట ‘సే’ అన్న ఊపులో ‘నో సే ఎల్ బార్రియొ’ అనేస్తారు. రాసిన తర్వాత ఒకసారి వెనక్కి వచ్చి, ప్రతి ‘సే’ వెనక ఉన్న నామవాచకాన్ని విప్పి చూస్తే ఈ రకం తప్పు దొరికిపోతుంది.

నియమానికి అడ్డుగా కనబడేవి

కొన్నాళ్లు స్పానిష్ వెబ్‌సైట్లు చదివితే, పైన చెప్పినదానికి విరుద్ధంగా ‘కొనోసె కోమొ పగార్…’ లాంటి శీర్షికలు లాటిన్ అమెరికా పత్రికల్లో, బ్యాంకుల ప్రకటనల్లో కనబడతాయి. ‘ఎలా చెల్లించాలో తెలుసుకోండి’ అని వాటి ఉద్దేశం. ‘కోమొ’ ముందు కొనొసేర్ రాకూడదు కదా అనిపిస్తుంది. ఇది శీర్షికల్లో స్థిరపడిపోయిన వాడుక, పాఠకుణ్ణి పిలిచే ఆజ్ఞార్థక రూపం. దాన్ని చూసి అర్థం చేసుకుంటే చాలు, మీ మాటల్లో ‘కొనోస్కొ కోమొ’ అనకండి. పరీక్షలో తప్పుగానే దిద్దుతారు.

ఇంకొకటి ‘దెస్కొనొసేర్’. చూడ్డానికి కొనొసేర్‌కు వ్యతిరేకం. వార్తల్లో ‘సె దెస్కొనోసెన్ లాస్ కౌసస్’, కారణాలు ఇంకా తెలియలేదు, అని తరచుగా వస్తుంది. కానీ ఇది తన మూలక్రియలాగా ప్రవర్తించదు. ‘దెస్కొనోస్కొ సి ఆ యెగాదొ’, అంటే ‘వచ్చాడో లేదో నాకు తెలియదు’ అన్న వాక్యం స్పానిష్‌లో నిక్షేపంగా సరైనది, కాస్త లాంఛనంగా ఉంటుంది అంతే. అంటే కొనొసేర్ వెనక నిలబడని ‘-ఓ’ వాక్యం, దెస్కొనొసేర్ వెనక నిలబడుతుంది. ఆఫీసు ఈమెయిల్‌లో ‘నో సే’ మరీ ఇంటి మాటలాగా ఉందనిపించినప్పుడు వాడుకోదగ్గ క్రియ ఇది.